రూపాయి చేతులు మారని రూపాయి వ్యాపారం

ముంబయి: మన రూపాయిపై లండన్, సింగపూర్, న్యూయార్క్ నగరాలలో ప్రతిరోజూ భారీ వ్యాపారం సాగుతోంది. విచిత్రమేమంటే అందులో ఒక్క రూపాయి కూడా చేతులు మారదు. లాభనష్టాల చెల్లింపులన్నీ డాలర్లలోనే జరుగుతాయి. బ్యాంకర్లు ఎన్.డి.ఎఫ్. అని పిలిచే ‘నాన్ డెలివరబుల్ ఫార్వర్డ్’ ఒప్పందాల స్వరూపం ఇదే.

ఇటువంటి ఒప్పందాలకు మూలం మన విదేశీ మారక ద్రవ్య నియంత్రణలలోనే ఉంది. ఎగుమతి, దిగుమతుల వంటి కరెంటు ఖాతా లావాదేవీలకు 1994 ఆగస్టు నుండి రూపాయి మార్పిడికి స్వేచ్ఛ లభించినప్పటికీ, పెట్టుబడుల ఖాతాలో పూర్తి స్వేచ్ఛ నేటికీ లేదు. రూపాయలను దేశం వెలుపలికి తరలించి ఇష్టానుసారం అమ్ముకునే వీలు విదేశీయులకు లేదు. అయినా భారతీయ షేర్లలో, బాండ్లలో సొమ్ము పెట్టినవారికి రూపాయి పడిపోతుందన్న భయం తప్పదు. ఆ భయానికి విదేశాలలో దొరికే విరుగుడే ఎన్.డి.ఎఫ్.

లెక్క తేలేది ఇలా

ఉదాహరణకు సింగపూర్‌లోని ఒక పెట్టుబడి సంస్థ నెల రోజుల గడువుతో కోటి డాలర్లను, డాలరుకు 84 రూపాయల చొప్పున కొంటున్నట్లు ఒక బ్యాంకుతో ఒప్పందం చేసుకున్నదనుకుందాం. ఆ రోజు అసలు సొమ్ము ఎవరూ చెల్లించరు. చెల్లింపు తేదీకి రెండు పనిదినాల ముందు, ముంబయిలో ప్రకటించే అధికారిక రిఫరెన్స్ రేటును ఇరుపక్షాలు ప్రమాణంగా తీసుకుంటాయి.

ఆ రేటు 85 రూపాయలుగా తేలితే సంస్థకు డాలరుకు ఒక రూపాయి చొప్పున మొత్తం కోటి రూపాయల లాభం వస్తుంది. ఆ కోటిని అదే 85తో భాగించగా వచ్చే సుమారు 1,17,647 డాలర్లను బ్యాంకు చెల్లిస్తుంది. రేటు 83 రూపాయలకు దిగితే సంస్థే బ్యాంకుకు సుమారు 1,20,482 డాలర్లు ఇచ్చుకోవలసి ఉంటుంది. కోటి డాలర్లు కేవలం లెక్క కోసమే. చేతులు మారేది తేడా సొమ్ము మాత్రమే.

అక్కడి ధర, ఇక్కడి ఒత్తిడి

రూపాయి కదలనప్పుడు మనకు వచ్చిన నష్టమేమిటన్న ప్రశ్న సహజం. రెండు విపణులలోనూ వ్యాపారం చేయగల బ్యాంకులు ఈ రెండింటికీ వంతెనగా పనిచేస్తాయి. నెల తరువాతి డాలరు ముంబయిలో 84 రూపాయలకు, సింగపూర్‌లో 84 రూపాయల 20 పైసలకు పలుకుతుంటే, అవి ఇక్కడ కొని అక్కడ అమ్ముతాయి. దానితో ముంబయిలో డాలరుకు గిరాకీ పెరిగి, రూపాయి విలువ తగ్గుతుంది. బయటి ఆందోళన ఈ దారినే లోపలికి ప్రవేశిస్తుంది.

ఈ లాభం కూడా నిశ్చయం కాదు. గడువు నాడు సింగపూర్ ఒప్పందం రిఫరెన్స్ రేటుకు ముగుస్తుంది. ముంబయిలో కొన్న డాలర్లను సరిగ్గా అదే రేటుకు అమ్ముకోగలగాలి. పది పైసలు తక్కువకు అమ్మితే సగం లాభం పోయినట్లే. ఉదయం 11.30, మధ్యాహ్నం 12.30 గంటల మధ్య యాదృచ్ఛికంగా ఎంపిక చేసిన పదిహేను నిమిషాల లావాదేవీల ఆధారంగా ఆ రేటును నిర్ణయిస్తారు. ఆ పదిహేను నిమిషాలు ఏవో ముందుగా ఎవరికీ తెలియదు.

2013 నేర్పిన పాఠం

బాండ్ల కొనుగోళ్లను తగ్గించే అవకాశం ఉన్నదని అమెరికా ఫెడరల్ రిజర్వు 2013 మే నెలలో సూచించడంతో రూపాయి పతనం ఆరంభమైంది. అప్పటికి 56 రూపాయల లోపు ఉన్న డాలరు ఆగస్టు 28న 68 రూపాయలు దాటింది. బ్యాంకులు కరెన్సీ ఫ్యూచర్స్‌లో సొంత ఖాతాపై వ్యాపారం చేయరాదని రిజర్వు బ్యాంకు జులైలోనే ఆంక్ష విధించింది. అయితే ఆ ఆజ్ఞ దేశ సరిహద్దులు దాటి పనిచేయలేదు. ఇక్కడ తలుపు బిగించినకొద్దీ వ్యాపారం వెలుపలికి తరలే ప్రమాదం ఉన్నదని ఆనాటి అనుభవం తెలిపింది.

2019 ఏప్రిల్‌లో లండన్‌లో రోజుకు సగటున దాదాపు 4,700 కోట్ల డాలర్ల రూపాయి వ్యాపారం జరుగగా, భారత్‌లో అది దాదాపు 3,500 కోట్లేనని అంతర్జాతీయ పరిష్కారాల బ్యాంకు సర్వే వెల్లడించింది. ఆ ఏడాదే ఉషా థోరట్ అధ్యక్షతన కార్యదళం ఈ సమస్యను పరిశీలించింది. గుజరాత్‌లోని గిఫ్ట్ సిటీలో శాఖలున్న భారతీయ బ్యాంకులు ఎన్.డి.ఎఫ్. విపణిలో పాల్గొనేందుకు 2020 జూన్ నుండి రిజర్వు బ్యాంకు అనుమతించింది. రెండు ధరల మధ్య అంతరాన్ని తగ్గించడమే దీని ఉద్దేశం.

అంతరం తగ్గినంత మాత్రాన ఒత్తిడి తొలగదు. వంతెన విశాలమైతే రాకపోకలు రెండు దిశలలోనూ వేగవంతమవుతాయి. గుంటూరు మిర్చిని డాలర్లకు ఎగుమతి చేసే వ్యాపారికి ఉదయం బ్యాంకు చెప్పే రేటులో, ఆయన నిద్రపోతున్న వేళ న్యూయార్క్‌లో కుదిరిన బేరాల ప్రభావం కూడా ఉంటుంది. రూపాయి పూర్తి మార్పిడికి అనుమతి లభించనంత కాలం ఈ పరోక్ష విపణి కొనసాగక తప్పదు.