సీసా మీద చీటీ ఏం చెప్పాలి?

కిందటి సంవత్సరం మా బడిలో సైన్సు ప్రదర్శన కోసం పదవ తరగతి పిల్లలు తలనూనె తయారుచేశారు. లీటరు కొబ్బరినూనెలో గుప్పెడు మందార పూలు, రెండు గుప్పెళ్ళ గుంటగలగరాకు, ఒక చెంచాడు మెంతులు వేసి సన్నని సెగ మీద కాచారు. ఆకుల్లోని నీరంతా ఆవిరైపోయి చిటపటలు ఆగాక దించి, వడకట్టి, సీసాల్లో పోశారు. నీరు మిగిలితే నూనె త్వరగా పాడవుతుందని వాళ్ళకు తెలుసు. పని చక్కగా చేశారు.

సీసా మీద అంటించిన చీటీ మాత్రం నాకు నచ్చలేదు. దాని మీద ఇలా ఉంది: "జుట్టు రాలడం మూడు నెలల్లో ఆగిపోవును. బట్టతలపై కొత్త వెంట్రుకలు మొలుచును. ప్రకృతి సిద్ధమైనది కనుక ఏ హానీ లేదు."

"ఈ సంగతి మీకెలా తెలుసు?" అని అడిగాను.

"మా పిన్నికి తగ్గింది మాస్టారూ!" అంది ఒక అమ్మాయి.

ఆ అమ్మాయి అబద్ధం చెప్పలేదు. వాళ్ళ పిన్నికి అంతకుముందు తీవ్రమైన జ్వరం వచ్చిందట. పెద్ద జ్వరం వచ్చినప్పుడు చాలా వెంట్రుకలు ఒక్కసారిగా పెరుగుదల ఆపి విశ్రాంతి దశలోకి పోతాయి. రెండు మూడు నెలల తర్వాత అవి కుచ్చులుగా రాలిపోతాయి. కుదుళ్ళు మాత్రం బతికే ఉంటాయి కనుక, ఆ తర్వాత కొన్ని నెలల్లో చాలామందికి రాలడం దానంతటదే తగ్గి, జుట్టు మళ్ళీ వస్తుంది. మనం భయపడి నూనె రాయడం మొదలుపెట్టేది సరిగ్గా జుట్టు రాలే రోజుల్లోనే. కాబట్టి పేరు నూనెకు దక్కుతుంది. నూనె రాయని వారికి ఏమైందో చూడకుండా పిన్ని కథ ఒక్కటే రుజువు కాజాలదు.

మూడవ వాక్యం ఇంకా బలహీనం. ప్రకృతి సిద్ధమైనదంతా హాని లేనిదైతే గన్నేరు కాయ కూడా హాని లేనిదే కావాలి!

అప్పుడు ఒక అబ్బాయి తెలివిగా, "జుట్టు పెరుగుటకు తోడ్పడును అని రాద్దామా మాస్టారూ?" అన్నాడు. నేను ఒప్పుకోలేదు. మీరూ ఒప్పుకోకండి. ఆ మాట చదివినవారు "జుట్టు పెరుగుతుంది" అనే అర్థం చేసుకుంటారు. రుజువు లేని మాటను మెత్తగా చెప్పినంత మాత్రాన దానికి రుజువు దొరకదు.

"మరి ఏమీ చెప్పకపోతే ఎవరు కొంటారు?" అన్నారు పిల్లలు. చెప్పడానికి నిజాలు లేకనా? బయటికి కనిపించే వెంట్రుక కెరాటిన్ అనే ప్రొటీనుతో చేసిన నిర్జీవ పదార్థం. దానికి ఆహారం పెట్టలేము కాని దాన్ని కాపాడవచ్చు. 2003లో అచ్చయిన ప్రయోగాల్లో మన దేశ శాస్త్రజ్ఞులు మూడు నూనెలను పోల్చి చూశారు. తలంటికి ముందు రాసినా, తర్వాత రాసినా వెంట్రుక నుంచి పోయే ప్రొటీనును బాగా తగ్గించింది కొబ్బరినూనె ఒక్కటే. పొద్దుతిరుగుడు నూనె, మినరల్ నూనె ఆ పని చేయలేదు. కొబ్బరినూనె అణువులు చిన్నవిగా, తిన్నగా ఉండి వెంట్రుక లోపలికి చొచ్చుకుపోగలవు.

ఆ మధ్యాహ్నం పిల్లలు కూర్చొని కొత్త చీటీ రాశారు:

"మందార పూలు, గుంటగలగరాకు, మెంతులు వేసి సన్నని సెగపై కాచిన కొబ్బరినూనె. తలంటికి ముందు రాసుకోండి. జుట్టు నునుపుగా ఉండి, చిక్కు సులువుగా వస్తుంది. కొబ్బరినూనె వెంట్రుకలోని ప్రొటీను నష్టాన్ని తగ్గిస్తుంది. మొదట మోచేతి లోపలి వైపు కొంచెం రాసి ఒక రోజు చూడండి; దురద పుడితే వాడకండి. కాచిన తేదీ:"

ఇందులో దువ్వెన పట్టుకుని ఎవరైనా ఇంట్లోనే పరీక్షించగల మాటలున్నాయి. చదివితే కొనాలనీ అనిపిస్తుంది. ప్రదర్శనలో సీసాలన్నీ అమ్ముడుపోయాయి.

తలనూనె విషయంలో ఇంత పట్టింపు ఎందుకని మీరు అడగవచ్చు. ఇదే పద్ధతిలో మునగాకు పొడి డబ్బా మీద "మధుమేహం నయమగును" అని రాశారనుకోండి. దాన్ని నమ్మి ఒక తాతగారు మాత్రలు మానేస్తే రక్తంలో చక్కెర పెరిగిపోతుంది. ఆయన చూపు, మూత్రపిండాలు దెబ్బతినవచ్చు. మధుమేహం, క్యాన్సర్ వంటి జబ్బులను నయం చేస్తామని మందులకు ప్రకటనలు ఇవ్వడాన్ని మన దేశంలో 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ డబ్బా మీద "ఎండబెట్టిన మునగాకు పొడి, పప్పులో, రొట్టెపిండిలో కలుపుకోవచ్చు" అని రాస్తే ఎవరి మాత్రలూ ఆగవు.

ఈరోజు మీ ఇంట్లో ఉన్న ఒక నూనె సీసానో, పొడి డబ్బానో తీసి చూడండి. దాని మీది ప్రతి వాక్యం దగ్గరా ఆగి, "దీన్ని ఎవరు, ఎంతమంది మీద, దేనితో పోల్చి చూశారు?" అని అడగండి. జవాబు దొరకని వాక్యాలను పెన్సిలుతో కొట్టివేసి, మిగిలినవాటిని మీ అమ్మగారికి చదివి వినిపించండి.