దొంగ దొరకని రిపోర్టు

కోదాడలో బస్సెక్కి మునగాల దాటుతుంటే ఫోన్ టింగుమంది. ల్యాబ్ నుంచి పీడీఎఫ్. పది రోజులుగా ఎదురుచూస్తున్న బయాప్సీ రిపోర్టు.

చేతులు వణుకుతుంటే జూమ్ చేశా. ఇంగ్లిష్ పేరాలో సగం అర్థం కాలేదు. చివర్లో మాత్రం ఒక లైన్ దొరికింది: `Fite stain: AFB not seen`. ఏఎఫ్‌బి అంటే క్రిములని రాత్రుళ్లు గూగుల్ చేసి చేసి తెలుసుకున్నా. కనపడలేదంట! అంటే నెగెటివ్. దాని కింద `BT Hansen's` అని ఇంకేదో ఉంది. అదేదో రంగు పేరో, టెస్టు పేరో అయ్యుంటుందిలే అనుకున్నా.

వెంటనే మిర్యాలగూడలో అక్కకు ఫోన్ చేశా.

"నెగెటివ్ అక్కా!"

"నేను చెప్పలే? ఊరికే భయపడ్డవ్. ఆదివారం పిల్లోళ్లు వస్తున్నరు, నీట్‌గా షేవింగ్ చేసుకొని రా" అంది.

అసలు కథ ఎనిమిది నెలల కిందట మొదలైంది. ఎడమ ముంజేతి మీద రూపాయి బిళ్లంత మచ్చ. చుట్టూ చర్మం కన్నా కొంచెం పాలిపోయి, అంచు కాస్త ఎర్రగా ఉండేది. అమ్మ చూసి తామర అంది. మెడికల్ షాపు అతను ఒక ట్యూబు ఇచ్చాడు. నాలుగు నెలలు రాశా. తగ్గలేదు. దురద లేదు కాబట్టి నేనూ పట్టించుకోలేదు. తామరైతే దురద పెట్టాలి కదా అన్న ఆలోచనే రాలేదు.

ఒకరోజు చొక్కా ఇస్త్రీ చేస్తుంటే కాలిన వాసన వచ్చింది. చూస్తే పెట్టె అంచు ఆ మచ్చకే ఆనుకుని ఉంది. బొబ్బ లేచింది. నాకు నొప్పే తెలియలేదు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు.

సూర్యాపేటలో స్కిన్ డాక్టర్ మేడం దగ్గరికెళ్లా. కళ్లు మూసుకోమంది. "దూదితో తాకుతా, తగిలినచోట వేలు పెట్టి చూపించు" అంది. కుడి చేతి మీద ప్రతిసారీ కరెక్టుగా చూపించా. తర్వాత చాలాసేపు ఏమీ లేదు.

"ఎడమ చెయ్యి మొదలుపెట్టండి మేడం" అన్నా.

"ఆరుసార్లు తాకాను బాబూ" అంది నెమ్మదిగా.

చొక్కా విప్పించి చూస్తే వీపు మీద ఇంకో మచ్చ ఉంది. అది నేనెప్పుడూ చూసుకోలేదు. మోచేతి వెనక వేళ్లతో నొక్కి చూసింది. అక్కడ దెబ్బ తగిలితే చిటికెన వేలు దాకా జివ్వుమంటుంది చూడండి, ఆ నరం. కుడివైపు దారంలా ఉంటే, ఎడమవైపు తాడులా చేతికి తగులుతోందట.

బయాప్సీ అంటే కత్తులు, ఆపరేషన్ థియేటర్ ఊహించుకున్నా. మత్తు ఇంజెక్షన్ ఇచ్చి, పెన్ను మూతలాంటి గుండ్రటి పరికరంతో మచ్చ అంచు దగ్గర అయిదు మిల్లీమీటర్ల ముక్క తీసింది. ఒక కుట్టు. ముక్కను ఫార్మలిన్ సీసాలో వేసింది. దాన్ని మైనంలో గట్టిపరచి, వెంట్రుక కన్నా పల్చగా కోసి, రంగులేసి మైక్రోస్కోప్ కింద చూడాలి కాబట్టి టైం పడుతుందని చెప్పింది.

ఇప్పుడు బస్సు దిగి, కుట్టు విప్పించుకోవడానికి నవ్వుకుంటూ వెళ్లా.

"నెగెటివ్ కదా మేడం?"

మేడం నవ్వలేదు. నా ఫోన్ తీసుకుని, నేను వదిలేసిన లైన్ మీద వేలు పెట్టింది.

"హాన్సెన్ అంటే తెలుసా? 1873లో ఈ క్రిమిని కనిపెట్టిన నార్వే డాక్టర్ పేరు. జబ్బు పేరు తెలుగులో కుష్టు."

చెవులు గుయ్యిమన్నాయి. చిన్నప్పుడు బస్టాండులో గుడ్డలు చుట్టుకుని కూర్చున్న తాత కళ్ల ముందుకొచ్చాడు.

"క్రిములు లేవని రాశారు కదా?"

"లేవని కాదు, కనపడలేదని. ఒక వీధిలో వందమంది పోలీసులు ఒకే ఇంటిని చుట్టుముట్టారనుకో. దొంగ దొరకలేదు. అయినా ఆ ఇంట్లో ఏదో ఉందని అర్థమవుతుంది కదా? నీ చర్మంలో రక్షణ కణాలు గుంపులుగా నరం చుట్టూ చేరాయి. రిపోర్టులో గ్రాన్యులోమా అన్నది అదే. నీ రకంలో శరీరం గట్టిగా పోరాడుతుంది, అందుకే క్రిములు చాలా తక్కువ. కానీ ఆ కొట్లాటలో ఇంటి తలుపులు కూడా విరుగుతాయి. ఆ ఇల్లే నీ నరం."

లాగ్‌లో ఎర్రర్ కనపడలేదని బగ్ లేదనుకునేవాణ్ని నేనే అన్నమాట.

"ఒక్క రిపోర్టు చూసి చెప్పట్లేదు" అంది మేడం. "స్పర్శ లేని మచ్చ, లావెక్కిన నరం, ఈ రిపోర్టు. మూడూ ఒకటే చెబుతున్నాయి. మచ్చలు అయిదు లోపు, నరం ఒక్కటే, క్రిములు కనపడలేదు. కాబట్టి నీది ఆరు నెలల కోర్సు."

మూడు మందులు. గవర్నమెంటు ఆసుపత్రిలో ఫ్రీ. నెలకోసారి వాళ్ల ముందే మింగే డోసు, మిగతా రోజుల్లో ఇంట్లో మాత్రలు. మొదటి డోసు రోజు మూత్రం ఎర్రగా వస్తే కంగారు పడొద్దంది. ఒంటి రంగు కొంచెం నల్లబడి, మందు ఆపాక మెల్లగా మామూలవుతుందంది. ఒక మందు కొందరిలో రక్తం తగ్గిస్తుందని ముందు బ్లడ్ టెస్ట్ రాసింది.

"స్పర్శ తిరిగొస్తుందా?"

"కొంత రావచ్చు. అంతా వస్తుందని మాటివ్వలేను. ఇంకా పోకుండా ఆపడమే మన పని. మచ్చలు ఉన్నట్టుండి ఎర్రగా ఉబ్బినా, మోచెయ్యి నొప్పెట్టినా, చిటికెన వేలు బలం తగ్గినా అదే రోజు రా. మాత్రలు మాత్రం ఆపకు. ఇంకోటి, నీతో ఒకే ఇంట్లో ఉన్నవాళ్లందరినీ చూడాలి."

ఒకే ఇంట్లో. అమ్మ సరే. కిందటేడు ఆరు నెలలు వర్క్ ఫ్రం హోమ్ మిర్యాలగూడలో అక్క వాళ్లింట్లోనే చేశా. మూడేళ్ల మేనల్లుడు నా పక్కనే పడుకునేవాడు.

కోదాడ బస్సు ఎక్కలేదు. మిర్యాలగూడ బస్సెక్కా.

అక్క నీళ్లిచ్చింది. చెప్పేశా. చెబుతుండగానే ఆమె చెయ్యి తనకు తెలియకుండా బాబును దగ్గరికి లాక్కుంది. నేను చూశానని తెలిసి తల దించుకుంది.

"పెళ్లోళ్లకు చెప్పకురా. ఆర్నెల్లలో తగ్గుతదంటివి కదా."

"వాళ్లకు చెప్పేది తర్వాత అక్కా. ముందు బాబును చూపించాలి. ఈ జబ్బు బయటపడడానికి ఏళ్లు పడుతుందంట. ఒళ్లంతా చూసి, మచ్చల్లేకపోతే వయసును బట్టి ఒకే ఒక్క డోసు మందు ఇస్తరంట. అది జబ్బు వచ్చే అవకాశాన్ని తగ్గిస్తది. నేను దాచిపెడితే అది వాడికి అందదు."

బావ అప్పుడే మిల్లు నుంచి వచ్చాడు. అంతా విని కాసేపు మాట్లాడలేదు. తర్వాత చొక్కా చెయ్యి పైకి మడిచి మోచేతి దగ్గర చూపించాడు.

"ఇదేందో చూడు. ఏడాది నుంచి ఉంది. దురద లేదని ఊరుకున్న."

పాలిపోయిన మచ్చ. అక్క నా మొహం చూసింది.

"కళ్లు మూసుకో బావా" అన్నా. దూది అక్కే తెచ్చింది. తాకా.

"తగిలింది. ఇక్కడ" అన్నాడు. ఇంకోసారి తాకా. "ఇక్కడ." అక్క గట్టిగా ఊపిరి వదిలింది.

"మనం చూస్తే సరిపోదు" అన్నా. "రేపు అందరం సూర్యాపేట పోదాం."

ఆదివారం సంగతి ఎవరూ ఎత్తలేదు. అక్క అన్నం పెట్టింది. బాబు వచ్చి నా ఒళ్లో కూర్చున్నాడు. ఈసారి అక్క వాణ్ని వెనక్కి లాగలేదు.

"మొదటి డోసు రేపేనా?" అని అడిగింది.

"బ్లడ్ రిపోర్టు రావాలి."

"అదన్నా మొత్తం చదువు" అంది.