గాజు నెగటివ్ దాతకు రాసే ఉత్తరం

గాజు నెగటివ్‌లను మ్యూజియానికి ఇచ్చిన కుటుంబం సాధారణంగా అడిగే మొదటి ప్రశ్న: ఎంత డీపీఐలో స్కాన్ చేస్తారు? ఆర్కైవిస్టు రాసే జవాబు మాత్రం అక్కడ మొదలవదు. పలక దేనితో తయారైందో చెప్పాకే మిగతా ప్రమాణాలు అర్థమవుతాయి.

1880ల నుంచి స్టూడియోల్లో ఎక్కువగా వాడినవి జెలటిన్ డ్రై ప్లేట్లు. వీటిలో గాజు మీద పల్చని జెలటిన్ పొర ఉంటుంది, ఆ పొరలోని వెండి కణాలే బొమ్మ. జెలటిన్ తేమకు ఉబ్బుతుంది, ఎండకు ముడుచుకుంటుంది. గాజు అలా కదలదు. ఏళ్ల తరబడి సాగే ఈ పెనుగులాటలో పొర ముందుగా అంచుల దగ్గర లేస్తుంది. అందుకే దాతకు రాసే ఉత్తరంలో మొట్టమొదటి మాట, ఇంట్లో తడిబట్టతో తుడవవద్దని. మ్యూజియంలో కూడా పొర ఉన్న వైపు గాలి బల్బుతో దుమ్ము ఊదడమే తప్ప ద్రవం తగలనివ్వరు. ఏ వైపు పొర ఉందో వెలుతురులో వంచి చూస్తే తెలుస్తుంది: గాజు వైపు నిగనిగలాడుతుంది, పొర వైపు కాస్త మెరుపు తక్కువగా ఉంటుంది.

ఆఫీసుల్లో కాగితాలకు వాడే స్కానర్‌ను దూరం పెట్టడానికీ కారణం ఇదే. పొరను కిందికి పెడితే లేచిన అంచులు స్కానర్ అద్దానికి నలిగిపోతాయి. గాజు వైపు కిందికి పెడితే రెండు నున్నని తలాల మధ్య ఇంద్రధనుస్సు వలయాలు పడవచ్చు. మూత బరువు ఒక్కటి చాలు, కంటికి ఆనని పగులు చీలిపోవడానికి. అందువల్ల పలకను వేడెక్కని ఎల్ఈడీ లైట్ టేబుల్ మీద పొర పైకి ఉండేలా పరుస్తారు. స్టాండుకు బిగించిన కెమెరాతో పైనుంచి ఫొటో తీస్తారు. చుట్టూ మిగిలిన వెలుతురును నల్ల కాగితంతో కప్పుతారు, లేకపోతే అది లెన్సులోకి చిమ్మి బొమ్మను వెలిసిపోయినట్టు చేస్తుంది. పొర వైపు నుంచి తీశారు గనుక బొమ్మ కుడిఎడమలు తారుమారవుతాయి, దాన్ని కంప్యూటర్‌లో తిప్పాలి. తిప్పడం మరిచారేమోనన్న అనుమానం వస్తే దుకాణం బోర్డు మీది అక్షరాలు చూస్తే సరి.

ఇక అసలు సంగతి సాంద్రత. ఎండలో తీసిన గుంపు ఫొటోలో తెల్ల పంచె నెగటివ్‌లో దాదాపు నల్లగా కనిపిస్తుంది. బాగా నల్లబడ్డ చోట వెలుతురులో వెయ్యోవంతే దాటవచ్చు. 8 బిట్ ఫైలులో తెలుపు నుంచి నలుపు దాకా ఉన్నవి 256 మెట్లే. ఆ నల్లని భాగానికి వాటిలో గుప్పెడు మాత్రమే దక్కుతాయి, పంచె కుచ్చెళ్లు ఒకే మరకగా కలిసిపోతాయి. 16 బిట్‌లో 65,536 మెట్లుంటాయి. ఏమీ లేని వట్టి గాజు భాగం హద్దు దాటని మేరకు ఎంత వీలైతే అంత వెలుతురు ఇచ్చి తీస్తారు. తప్పు జరిగితే హిస్టోగ్రామ్‌లో దొరికిపోతుంది: గీత ఒక అంచుకు గోడలా ఆనుకుని నిలబడితే అక్కడి వివరం పోయినట్టే. ఆటోమేటిక్ సవరణలు చేసే నష్టం కూడా సాధారణంగా ఇదే. డీపీఐ గురించి పడే ఆరాటంలో సగమైనా ఈ గీత మీద పెడితే చాలా స్కాన్లు బాగుపడేవి.

ఆరున్నర అంగుళాల వెడల్పు, ఎనిమిదిన్నర పొడవు ఉన్న ఒక ఫుల్ ప్లేట్ రెండు ముక్కలైందనుకుందాం. అంగుళానికి 1,200 పిక్సెళ్ల చొప్పున తీస్తే సుమారు 8 కోట్ల పిక్సెళ్లు వస్తాయి. నలుపుతెలుపు 16 బిట్‌లో పిక్సెల్‌కు రెండు బైట్లు గనుక ఫైలు దాదాపు 160 ఎంబీ. విరిగిన ముక్కలను చేతితో నొక్కి కలపరు. గాజు అంచులు రాసుకుంటే కొత్తగా పెచ్చులు ఊడతాయి, వాటితో పొరా పోతుంది. రెంటినీ శుభ్రమైన గాజుపలక మీద ఒకటి రెండు మిల్లీమీటర్ల ఎడంలో పెట్టి ఒకే ఫొటోలో తీస్తారు. కలిపే పని కంప్యూటర్‌లో, అదీ నకలు మీదే.

పలక నాలుగు అంచులూ ఫొటోలో పడాలి. గీసిన నంబర్లు, అతికించిన నల్ల కాగితం, స్టూడియో వాళ్ల పెన్సిల్ రీటచింగ్ అన్నీ పలక చరిత్రే. అంచుల్లో నీలిగా మెరిసే వెండి పూత కింది వెలుతురులో సరిగా తెలియదు, కాబట్టి దెబ్బతిన్న పలకలకు పైనుంచి ఏటవాలు వెలుతురులో ఇంకో ఫొటో తీస్తారు.

దాత దగ్గర తరచు వచ్చే ఫిర్యాదు ఇంకొకటి: ఫైలు తెరిస్తే తాతగారి ముఖం నల్లగా, జుట్టు తెల్లగా ఉందని. మాస్టర్ టిఫ్ ఫైలు నెగటివ్‌గానే, మచ్చలతో సహా ఉంటుంది. దాని నకలును పాజిటివ్‌గా మార్చి, వెలుగునీడలు సరిచేసిన జేపెగ్‌ను కుటుంబానికి విడిగా పంపుతారు. స్కాన్ అయ్యాక పలకను పారేయరు. నాలుగు మడతల కాగితంలో చుట్టి, పొడుగు అంచు మీద నిలబెట్టి పెట్టెలో పెడతారు, విరిగినదాన్ని మాత్రం పడుకోబెడతారు. మళ్లీ బయటికి తీయాల్సిన అవసరం రాకుండా ఉండాలనే మొదటిసారే ఇంత తాపత్రయం.