నిజం ముందుగా ఎవరికి?

లైంగిక ధోరణి, అనగా మనసూ దేహమూ ఎవరివైపు మొగ్గుతాయన్నది, స్వలింగం వైపే ఉందేమోనని నడివయసులో గ్రహించిన భర్త గాని భార్య గాని కుటుంబం కోసం మౌనం వహించడం త్యాగంగా కనిపించినా, దాని మూల్యాన్ని కారణం తెలియక తనలోనే లోపం వెతుక్కునే జీవిత భాగస్వామి చెల్లిస్తారు. నిజం చెప్పాక విడాకులే కోరుకున్నా ఇల్లు వెంటనే చెదరనక్కర్లేదు: హిందూ వివాహ చట్టంలోని 13-బి సెక్షన్ పరస్పర అంగీకారంతో విడాకులకు దంపతులు ఏడాదిపాటు విడిగా ఉండాలంటున్నా, దాంపత్య సంబంధం లేకుండా ఒకే ఇంట్లో ఉన్నా అది విడిగా ఉన్నట్టేనని 1991లో సుప్రీంకోర్టు చెప్పినందున, ఉదాహరణకు బిడ్డ పదో తరగతి పరీక్షలు ముగిసేదాకా వేర్వేరు గదుల్లో ఉంటూనే ఇద్దరూ తల్లిదండ్రుల బాధ్యత నెరవేర్చవచ్చు. ఎప్పుడు విడిపోవాలో, అసలు విడిపోవాలో వద్దో ఇద్దరూ కలిసి తేల్చుకోవలసినదే గనుక, పెద్దలకూ బంధువులకూ తెలియడానికి ముందే నిజం జీవిత భాగస్వామికి చెప్పాలి.