లెక్కలో లేని గడప

ఊళ్లోకి సామాజిక తనిఖీ బృందం వచ్చినప్పుడు మన వీధుల్లో సాధారణంగా వినిపించే మాట ఒకటే: “మాకు అందులో పని లేదు కదా, మమ్మల్ని ఏం అడుగుతారు?” ఈ మాట గురించి మనం ఆలోచించాలి. పని లేకపోవడమే అడగవలసిన విషయం కావచ్చు.

ఈ తనిఖీకి మూలం రాజస్థాన్. 1994లో మజ్దూర్ కిసాన్ శక్తి సంఘటన్ అక్కడి పల్లెల్లో కూలీల మస్టర్లను బహిరంగంగా చదివి వినిపించింది. ఊళ్లో లేనివారి పేర్ల మీద, జరగని పనుల మీద సొమ్ము ఖర్చయినట్లు ఆ చదువులో బయటపడింది. 2005 ఉపాధి హామీ చట్టం తన 17వ సెక్షన్‌లో ఈ పద్ధతికి చట్టబద్ధత కల్పించింది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ 2006 నుంచే దీన్ని చేపట్టి, 2009లో ఇందుకోసం ప్రత్యేక సంస్థను ఏర్పాటు చేసింది.

తనిఖీ జరిగే తీరు సరళమైనది. 2011 నిబంధనల ప్రకారం తనిఖీకి కనీసం పదిహేను రోజుల ముందే అధికారులు రికార్డులన్నీ అప్పగించాలి. తనిఖీదారులు ఆ పంచాయతీ వారై ఉండకూడదు. వారు మస్టరు పట్టుకుని ఇంటింటికీ వెళ్లి, ఫలానా వారంలో పనికి వెళ్లారా, కూలి ఎంత అందిందని అడుగుతారు. పని జరిగిన చోట టేపు పట్టి కొలుస్తారు. కొలతల పుస్తకంలో ముప్పై మీటర్ల పొడవు, మూడు మీటర్ల వెడల్పు, మీటరు లోతు కాలువ అని ఉంటే అది తొంభై ఘనపు మీటర్ల తవ్వకం. నేల మీద ఇరవై మీటర్ల పొడవే కనిపిస్తే, ముప్పై ఘనపు మీటర్ల తవ్వకానికి పని లేకుండానే బిల్లు అయినట్లు. ఈ ఫలితాలను గ్రామసభలోనూ, మండల ప్రజావేదికలోనూ చదివి వినిపిస్తారు.

ఈ పద్ధతి దొంగ మస్టరును చక్కగా పట్టుకుంటుంది. అయితే తనిఖీ మస్టరుతో మొదలవుతుంది కనుక, మస్టరులో ఎన్నడూ చేరని మనిషి దానికి కనిపించడు.

ఒక నూర్‌బాషా కుటుంబాన్ని ఊహించుకుందాం. పరుపులు కుట్టే పని తగ్గిపోయింది. భార్య ఫీల్డ్ అసిస్టెంటును కలిసి పని కావాలని నోటిమాటగా అడిగింది. “పని వచ్చినప్పుడు చెబుతాను” అన్నాడతను. నెలలు గడిచాయి. ఆ చట్టం కింద పని అడిగిన వారికి తేదీ వేసిన రసీదు ఇవ్వాలి. పదిహేను రోజుల్లో పని చూపకపోతే నిరుద్యోగ భృతి చెల్లించాలి. మొదటి ముప్పై రోజులకు అది కూలిలో కనీసం నాలుగో వంతు, ఆపైన కనీసం సగం. ఆమె చేతిలో రసీదు లేదు. అందుకే రికార్డులో ఆమె పని అడగనేలేదు. అడిగిన వారందరికీ పని ఇచ్చామని అధికారులు చూపే లెక్క కాగితం మీద సరిపోతుంది. తనిఖీ బృందానికి ఆ గడప తొక్కే కారణమే ఉండదు.

అన్యాయం ఇక్కడ దొంగ సంతకంగా కనిపించదు, ఖాళీ గడిగా మిగిలిపోతుంది. దాన్ని పట్టుకోవాలంటే రెండు జాబితాలను పక్కపక్కన పెట్టాలి. ఒకటి మసీదు వీధిలోని రేషన్ కార్డుల జాబితా, రెండవది అదే వీధిలోని జాబ్ కార్డుల జాబితా. మొదటి దానిలో నలభై ఇళ్లుండి రెండవ దానిలో ఆరే ఉంటే, మిగిలిన ముప్పై నాలుగు ఇళ్లకూ వెళ్లి అడగాలి. అక్కరలేక ఊరుకున్నవారు కొందరుంటారు, అడిగి విసిగినవారు కొందరుంటారు. ఆ తేడా ఇంటికి వెళ్లి అడిగితేనే తెలుస్తుంది. తనిఖీ బృందం ఊళ్లోకి రాకముందే ఈ పని మన యువకులు చేయగలరు. జాబితాను బృందానికి రాతపూర్వకంగా అందించి, అందినట్లు సంతకం తీసుకోవాలి.

గ్రామసభ వేళ గురించి కూడా ముందే మాట్లాడాలి. జుమా నమాజు వేళకు సభ పెడితే మగవారు రాలేరు. ఆడవారికి చెప్పేవారు లేకపోతే వారూ రారు. రానివారి ఫిర్యాదు సభ తీర్మానంలోకి ఎక్కదు.

తనిఖీకి ఒక పరిమితి ఉంది. అది తప్పును తేల్చగలదే కాని శిక్షించలేదు. తేలిన సొమ్ములో తిరిగి వసూలయ్యేది కొద్ది భాగమేనన్నది ఇన్నేళ్ల అనుభవం. అందుకే తర్వాతి సభలో మన మొదటి ప్రశ్న, పోయినసారి తీర్మానం మీద ఏ చర్య తీసుకున్నారన్నది కావాలి. పథకాల పేర్లూ చట్టాలూ మారవచ్చు. పని అడిగిన రోజున తేదీ వేసిన రసీదు లేకుండా ఇంటికి తిరిగి రాకూడదన్న మాటను మాత్రం మన ఇళ్లలో ఇప్పుడే చెప్పుకోవాలి.