అవ్వ అడిగిన మాటలోనే జవాబు రాయాలె



మొన్న చర్ల సంతలో ఒక పెద్దాయన ఫోన్‌ను నోటి దగ్గర పెట్టుకొని అడిగిండు: "మా పోడు పట్టా కొట్టేసిండ్రు, ఇప్పుడు ఏం చేయాలె?" ఫోన్‌ ఏవో పాత వార్తలు చూపించింది. ఆయనకు కావాల్సిన జవాబు చట్టంలోనే ఉంది. కానీ ఎవరూ ఆయన మాటల్లో రాసిపెట్టలేదు. తప్పు ఆయనది కాదు, రాసేటోళ్ళది. అందులో మనమూ ఉన్నం.

ఫోన్‌ ముందు మాటను అక్షరాలుగా మారుస్తది, తర్వాత దానికి దగ్గరగా ఉన్న రాతను వెతుకుతది. 2017 నుంచి గూగుల్‌ తెలుగు మాటను వింటున్నది. మనం మాత్రం "అటవీ హక్కుల గుర్తింపు చట్టం, దరఖాస్తు తిరస్కరణపై అప్పీలు" అని శీర్షిక పెడుతున్నం. పోడు అన్న మాట ఎక్కడా ఉండదు. ఇంకా ఘోరం, అదంతా పోస్టర్‌ బొమ్మగా పెడుతున్నం. బొమ్మలోని అక్షరాలు వెతుకులాటకు దొరుకుతయన్న నమ్మకం లేదు, దొరికినా ఫోన్‌ చదివి వినిపిస్తదన్న నమ్మకమూ లేదు.

మరి ఎట్ల రాయాలె? శీర్షిక ఆయన ప్రశ్నే: "పోడు పట్టా కొట్టేసిండ్రు, ఏం చేయాలె?" వెంటనే మొదటి రెండు వాక్యాల్లో జవాబు: "గ్రామసభ కాదంటే 60 రోజుల్లోగా సబ్‌డివిజన్‌ కమిటీకి అర్జీ పెట్టుకోవచ్చు. సబ్‌డివిజన్‌ కమిటీ కాదంటే మళ్ళీ 60 రోజుల్లోగా జిల్లా కమిటీకి పోవచ్చు." మన మాట విననిదే అర్జీని మనకు వ్యతిరేకంగా తేల్చొద్దని కూడా చట్టం చెప్తున్నది. ఆ ముక్క మూడో వాక్యంలో రావాలె. చట్టం పేరు, 2006 సంవత్సరం, "తిరస్కరణ" అన్న ఆఫీసు మాట, అన్నీ కింద ఉండాలె. ఎందుకంటే చదువుకున్నోళ్ళు అట్లనే అడుగుతరు. చట్టం పేరు పైన, జవాబు అయిదో పేరాలో ఉంటే, గట్టిగా చదివి వినిపించే ఫోన్‌ అక్కడిదాకా పోదు.

"మాటాడే తెలుగు రాస్తే పరువు పోతది" అనేటోళ్ళకు ఒక్కటే చెప్తున్నం. అర్జీ గడువు దాటిపోతే పోయేది భూమి.

ఊహించి రాయకుండ్రి. ఊర్లో అయిదుగురు పెద్దల్ని అడగండ్రి, వాళ్ళ మాట ఉన్నదున్నట్టు రాసుకోండ్రి. ఒకరు "కొట్టేసిండ్రు" అంటరు, ఇంకొకరు "రిజెక్ట్‌ అయింది" అంటరు. రెండూ పెట్టండ్రి. కొన్ని రోజుల తర్వాత అదే ప్రశ్న ఫోన్లో పలికి చూడండ్రి. మన రాత రాకపోతే, ఫోన్‌ మన మాటను ఎట్ల రాసుకుందో తెర మీద చూడండ్రి, తప్పు అక్కడే తెలుస్తది.

ఒక్క హద్దు మాత్రం దాచం. కోయలో అడిగితే ఫోన్‌ దాన్ని తెలుగనుకొని ఏదో రాసేసుకుంటది. మనమెంత బాగా రాసినా అది సరికాదు. ఆ కొట్లాట వేరు. తెలుగులో అడిగే అవ్వకు జవాబు దొరక్కపోవడం మాత్రం మన చేతుల్లోని తప్పు.