ఫ్లాట్ ధర చెప్తారు సరే.. నెలనెలా కట్టేదెంత? అపార్ట్‌మెంట్ చార్జీల అసలు లెక్క ఇదీ!

డబుల్ బెడ్‌రూమ్, లిఫ్ట్ ఉంది, కారు పార్కింగ్ ఉంది, అద్దె 11 వేలు. విజయనగరంలోనో, శ్రీకాకుళంలోనో టు-లెట్ బోర్డు చూసి ఫోన్ చేస్తే ముందు వినిపించే మాట ఇదే. దిగిన నెల తిరక్కుండానే వాచ్‌మన్ ఓ చీటీ తెచ్చిస్తాడు. మెయింటెనెన్స్ 2,400, సింకింగ్ ఫండ్ 600, పార్కింగ్ 300, క్లబ్‌హౌస్ 500. మొత్తం 3,800. అంటే 11 వేల ఇల్లు కాస్తా 14,800 అయింది.

ఈ రెండు ఊళ్లలో చాలామందికి అలవాటైంది సొంత ఇల్లు, లేదంటే అద్దె పోర్షన్. కరెంటు బిల్లు కట్టుకుంటే అయిపోయేది. ఇప్పుడు భోగాపురం ఎయిర్‌పోర్టు పేరు చెప్పి వెంచర్ల ప్రకటనలు జోరందుకున్నాయి. బ్రోచర్‌లో చదరపు అడుగు రేటు పెద్ద అక్షరాల్లో ఉంటుంది. నెలవారీ ఖర్చు మాత్రం ఎక్కడో అగ్రిమెంట్ చివరి పేజీల్లో ఉంటుంది, కొన్నిసార్లు అదీ ఉండదు.

అసలు మెయింటెనెన్స్ డబ్బు ఎటు పోతుంది? ఒక ఉదాహరణతో చూద్దాం. ఐదంతస్తులు, 20 ఫ్లాట్లు, ఒక్కోటి 1,200 చదరపు అడుగులు అనుకుందాం. అడుగుకు 2 రూపాయల చొప్పున ఫ్లాటుకు నెలకు 2,400. ఇక ఖర్చులు: వాచ్‌మన్‌కు 12 వేలు, ఊడ్చే మనిషికి 5 వేలు, లిఫ్ట్, మోటారు, మెట్ల లైట్లకు వచ్చే కామన్ మీటర్ బిల్లు 9 వేలు, లిఫ్ట్ సర్వీస్ కాంట్రాక్టు 4 వేలు, జనరేటర్ డీజిల్ 3 వేలు, చిల్లర రిపేర్లు 3 వేలు. మొత్తం 36 వేలు. 20 మంది కడితే 48 వేలు వస్తాయి కాబట్టి నెలకు 12 వేలు మిగలాలి.

కానీ కొత్త అపార్ట్‌మెంట్లలో మిగలదు. ఎందుకంటే అందులో ఆరు ఫ్లాట్లు ఇంకా అమ్ముడుపోలేదు, వాటి వాటా బిల్డర్ కట్టడం లేదు. అప్పుడు 14 మంది కట్టేది 33,600. ఖర్చు మాత్రం అదే 36 వేలు. నెలకు 2,400 లోటు! ఏడాది తిరిగేసరికి "ఖర్చులు పెరిగాయండీ" అంటూ రేటు రెండున్నర రూపాయలు చేస్తారు. నిజానికి పెరిగింది ఖర్చు కాదు. ఖాళీ ఫ్లాట్లకూ లిఫ్ట్ ఉంది, వాచ్‌మన్ కాపలా ఉంది. వాటి భారం ఉన్నవాళ్ల మీద పడిందంతే. అందుకే రేటు ఎంత అని అడిగే ముందు, అమ్ముడుపోని ఫ్లాట్ల వాటా ఎవరు కడుతున్నారని అడగాలి.

ఇక్కడే 2016 రెరా చట్టం అక్కరకొస్తుంది. అసోసియేషన్ బాధ్యత తీసుకునే వరకు లిఫ్ట్, నీళ్లు లాంటి అత్యవసర సేవలు నడపాల్సింది బిల్డరే. అందుకు సమంజసమైన చార్జీ మాత్రమే తీసుకోవాలి. సగానికి పైగా ఫ్లాట్లు బుక్ అయిన మూడు నెలల్లో అసోసియేషన్ ఏర్పాటయ్యేలా చూడాల్సిందీ ఆయనే. నీటి చార్జీలు, పన్నులు, మెయింటెనెన్స్ అంటూ కొన్నవాళ్ల దగ్గర వసూలు చేసి కట్టకుండా వదిలేస్తే, బిల్డింగ్ అప్పగించేసిన తర్వాత కూడా ఆ బాకీ బిల్డర్ మెడకే ఉంటుంది.

బిల్డింగ్ నిజంగా అసోసియేషన్ చేతికి వచ్చిందా లేదా తెలుసుకోవడానికి ఒక తేలిక మార్గం ఉంది. కామన్ మీటర్‌కు వచ్చే ఈపీడీసీఎల్ బిల్లు చూపించమని అడగండి. దాని మీద ఇంకా బిల్డర్ పేరే ఉంటే అప్పగింత పూర్తి కాలేదన్న అనుమానం రావాలి. ఆ తర్వాత బ్యాంకు ఖాతా ఎవరి పేరు మీద ఉందో అడగండి. వాచ్‌మన్ ఫోన్‌పేకో, బిల్డర్ బావమరిది నంబర్‌కో డబ్బు వెళ్తుంటే ఆ లెక్క ఎప్పటికీ తేలదు.

కొనేటప్పుడు మరో మెలిక ఉంది. రెండేళ్ల మెయింటెనెన్స్ ముందే కట్టమంటారు. పై లెక్కన 57,600. దానికి బిల్డర్ 18 శాతం జీఎస్టీ వేస్తే మరో 10,368. మొత్తం 67,968 అవుతుంది. నెలకు 7,500 వరకు జీఎస్టీ లేదు కదా అని అడుగుతారు. ఆ మినహాయింపు అసోసియేషన్ తన సభ్యుల దగ్గర తీసుకునే డబ్బుకే. బిల్డర్‌కు వర్తించదు. కాబట్టి ముందస్తు సొమ్ముకు రశీదు, ఏ నెల నుంచి లెక్క మొదలవుతుందన్న మాట, అసోసియేషన్ వచ్చాక మిగిలింది బదిలీ చేస్తామన్న షరతు.. ఈ మూడూ కాగితం మీద ఉండాలి.

సింకింగ్ ఫండ్ సంగతి వేరు. ఇది నెల ఖర్చుకు కాదు, ఎప్పుడో వచ్చే పెద్ద ఖర్చుకు దాచే డబ్బు. లిఫ్ట్ మార్చడం, బయట రంగులు, టెర్రస్ లీకేజీ లాంటివి. సముద్రపు ఉప్పుగాలికి ఇనుము తొందరగా తుప్పు పట్టే ప్రాంతం ఇది. 2014లో హుద్‌హుద్, 2018లో తిత్లీ ఏం చేశాయో ఇక్కడివాళ్లకు కొత్తగా చెప్పక్కర్లేదు. అందుకే ఈ ఫండ్ వద్దనడం తెలివైన పని కాదు. కానీ ఫ్లాటుకు 600 చొప్పున 20 ఫ్లాట్లకు ఏడాదికి 1,44,000 జమ కావాలి. ఆ మేరకు ఫిక్స్‌డ్ డిపాజిట్ కనిపించాలి. డీజిల్‌కూ, జీతాలకూ ఇందులోంచే తీస్తున్నారంటే పేరే సింకింగ్ ఫండ్, అసలు ఫండ్ లేనట్టే.

అద్దెకుండేవాళ్లు గట్టిగా అడగాల్సింది ఇక్కడే. లిఫ్ట్ కరెంటు వాడుకుంటున్నారు కాబట్టి మెయింటెనెన్స్ కట్టడంలో న్యాయం ఉంది. పదేళ్ల తర్వాత వేసే రంగుల కోసం ఏడాదిలో ఖాళీ చేసేవాళ్లు డబ్బు దాచడంలో న్యాయం లేదు. అది ఓనర్ ఆస్తి విలువ కాపాడే ఖర్చు. 3,800లో ఆ 600 ఓనర్ కట్టేలా అద్దె అగ్రిమెంట్‌లోనే రాయించుకుంటే తర్వాత గొడవ ఉండదు. పార్కింగ్ అద్దెలో కలిపే ఇస్తున్నారా అన్నదీ అందులోనే రాయించాలి.

పార్కింగ్ విషయంలో రెరా స్పష్టంగా ఉంది. ఓపెన్ పార్కింగ్ కామన్ ఏరియానే, దాన్ని బిల్డర్ విడిగా అమ్మడానికి లేదు. స్తంభాల మధ్య ఉండే స్టిల్ట్ పార్కింగ్‌ను గ్యారేజీ పేరుతో విడిగా అమ్మడం కుదరదని 2010లో సుప్రీంకోర్టు కూడా చెప్పింది, అయితే అది మహారాష్ట్ర చట్టం మీద వచ్చిన తీర్పు. క్లబ్‌హౌస్‌కు ఫీజు అడిగితే, అది రెరాలో నమోదైన ప్లాన్‌లో ఉందా, తాళం తీసి ఉందా అన్నవి చూస్తే చాలు.

ఇదంతా అన్ని బిల్డింగులకూ వర్తించదన్నది గుర్తుంచుకోవాలి. స్థలం 500 చదరపు మీటర్లు, అంటే దాదాపు 600 గజాలు దాటకపోయినా, ఫ్లాట్లు ఎనిమిదికి మించకపోయినా రెరా రిజిస్ట్రేషన్ అక్కర్లేదు. చిన్న పట్టణాల్లో ఇలాంటి బిల్డింగులు తక్కువేం కాదు. అలాంటి చోట అసోసియేషన్‌ను సొసైటీగా రిజిస్టర్ చేయించుకుని, మీటింగులో తీర్మానం రాసి వసూలు చేసుకోవడమే దారి. పాత ఫ్లాట్ కొనేవాళ్లయితే రిజిస్ట్రేషన్‌కు ముందే అసోసియేషన్ నుంచి బకాయిలు లేవని లెటర్ తీసుకోవాలి. లేదంటే పాత ఓనర్ ఎగ్గొట్టిన మెయింటెనెన్స్ కోసం వాచ్‌మన్ చీటీ కొత్త ఓనర్ తలుపే తడుతుంది.